పక్కింటి సందు, నడక దారి: 12 ఏళ్ళ లెక్క వేరు, 20 ఏళ్ళ లెక్క వేరు (తరచుగా అడిగే ప్రశ్నలు)

గుంటూరులో లా చదివే పిల్లలకు నేను ఏటా ఇచ్చే ప్రాబ్లం ప్రశ్న ఒకటుంది. రెండు ఇళ్ళ మధ్య నాలుగు అడుగుల సందు గురించి. అందులోని మనుషులు కల్పితం. అలాంటి గొడవలతో నా దగ్గరికి వచ్చేవాళ్ళు మాత్రం నిజం. విద్యార్థులు జవాబు రాసేటప్పుడు పొరపాటు పడే చోటే ఇళ్ళవాళ్ళు కోర్టులో ఓడిపోతారు. అందుకే ఇద్దరి ప్రశ్నలకూ ఇక్కడ ఒకేచోట జవాబు చెబుతున్నాను.

ముందు అసలు ప్రశ్న ఏమిటో చెప్పండి.

గుంటూరు శివారులో 1988లో ఒక లేఅవుట్ వేశారు. దక్షిణాన రోడ్డు. రోడ్డుకు ఆనుకుని పక్కపక్కనే రెండు ప్లాట్లు, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, అంటే దాదాపు 266 గజాలు. ఒకటి తూర్పింటివారిది, ఒకటి పడమటింటివారిది.

పడమటింటివారు 1996లో ఇల్లు కట్టుకున్నారు. స్థలమంతా వాడుకుని గోడ దాకా కట్టారు. వీధి గుమ్మం దక్షిణాన రోడ్డు మీదికే ఉంది. కానీ పెరట్లోకి, మేడ మీది అద్దె వాటా మెట్లకి వెళ్ళడానికి తూర్పు గోడకు ఒక తలుపు పెట్టి, తూర్పు ప్లాటు అంచున నాలుగు అడుగుల మేర నడవడం మొదలుపెట్టారు. అప్పటికి తూర్పు ప్లాటు ఖాళీ. దాని యజమాని హైదరాబాదులో ఉద్యోగం.

2004లో పడమటివారు ఆ దారి పొడవునా నాపరాళ్ళు పరిచారు. 2007లో ఎవరో మేస్త్రి తూర్పు యజమాని మాట మీద అక్కడ ఇటుకలు పేర్చాడు. పడమటివారు గొడవ పెట్టుకుంటే నాలుగు నెలలకు తీసేశాడు. 2010లో పడమటివారు రోడ్డు వైపు ఇనుప గేటు పెట్టి తాళం వేశారు. ఒక తాళంచెవి తూర్పు యజమానికి పంపించారు. 2019 ఆగస్టులో పడమటింటి ఇల్లాలు ఆయనకు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టింది: "అన్నయ్యగారూ, మీరు ఇల్లు కట్టుకునేదాకా ఈ సందులోంచి నడుస్తుంటామండీ, ఏమనుకోకండి." ఆయన జవాబు: "దాందేముందమ్మా, వాడుకోండి."

2021లో ఆయన ప్లాటు అమ్మేశాడు. కొన్నవాళ్ళు సర్వేయర్‌ను పిలిచి కొలిపిస్తే సందు మొత్తం తమ 40 అడుగుల్లోకే వచ్చింది. 2024 మే నెలలో గోడ కట్టారు. 2024 అక్టోబరులో పడమటివారు దావా వేశారు. సందు మాదే అన్నారు, కాకపోతే కనీసం దారి హక్కు ఉంది అన్నారు. గెలుస్తారా?

అందరూ ఏళ్ళు లెక్కపెట్టడంతో మొదలుపెడతారు. మీరు వద్దంటారెందుకు?

ఏళ్ళ కంటే ముందు తేల్చాల్సింది ఆ నాలుగు అడుగుల నేల ఎవరిది అన్నది. దానికి రెండు ఇళ్ళ దస్తావేజుల్లో హద్దులు చదవాలి. తూర్పు ప్లాటు దస్తావేజులో పడమటి హద్దుగా "పడమటివారి స్థలం" అని ఉంటే ఒక కథ. "4 అడుగుల నడక దారి" అనో "ఉమ్మడి సందు" అనో ఉంటే పూర్తిగా వేరే కథ. అప్పుడు పడమటివారికి హక్కు కాగితంలోనే ఉన్నట్టు. ఏళ్ళ లెక్కే అక్కర్లేదు.

ఇప్పటి దస్తావేజు ఒక్కటే చూసి ఊరుకోవద్దు. లింకు డాక్యుమెంట్లన్నీ తెప్పించి 1988 నాటి మొదటి అమ్మకం దాకా వెళ్ళాలి. మధ్యలో ఎవరో రైటర్ హద్దులు తిరగరాస్తూ "దారి" అన్న మాట వదిలేసిన దస్తావేజులు నేను చూశాను. లేఅవుట్ ప్లాన్ కూడా చూడాలి. అందులో అది దారిగా గీసి ఉంటే తూర్పువారు దాన్ని తమ స్థలంలో కలుపుకోవడం కుదరదు.

మన ప్రశ్నలో దస్తావేజులు, కొలతలు రెండూ సందు తూర్పువారిదనే చెబుతున్నాయి. కాబట్టి ఏళ్ళ లెక్కలోకి దిగక తప్పదు.

"పన్నెండేళ్ళు దాటితే స్థలం మనదే" అంటారు. నిజమా?

సగం నిజం. 1963 లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 65 ప్రకారం, తన స్థలం వేరేవారి స్వాధీనంలో ఉన్న యజమాని దాన్ని తిరిగి రాబట్టుకునే దావా 12 ఏళ్ళలోపు వేయాలి. ఆ 12 ఏళ్ళు మొదలయ్యేది అవతలివారు స్థలంలో అడుగుపెట్టిన రోజున కాదు, వారి స్వాధీనం యజమానికి ప్రతికూలంగా మారిన రోజున. గడువు దాటితే అదే చట్టం సెక్షన్ 27 ప్రకారం యజమాని హక్కే అంతరిస్తుంది. దీన్నే ప్రతికూల స్వాధీనం అంటాం. కోర్టు హాళ్ళలో అందరూ అడ్వర్స్ పొసెషన్ అనే అంటారు.

"ప్రతికూలంగా" అన్న మాటలోనే బరువంతా ఉంది. నేల మీద ఉన్నది నేనే, ఇది నాదే, అసలు యజమానికి ఇక్కడ చోటు లేదు అన్నట్టు, అది అతనికి తెలిసేలా బాహాటంగా, ఎడతెగకుండా 12 ఏళ్ళు ఉండాలి. కర్ణాటక వక్ఫ్ బోర్డు కేసులో 2004లో సుప్రీంకోర్టు ఈ సంగతే గట్టిగా చెప్పింది. ఏ రోజున స్వాధీనంలోకి వచ్చారు, ఏ విధంగా వచ్చారు, ఆ సంగతి యజమానికి తెలుసా, ఎన్నాళ్ళు సాగింది, ఇవన్నీ అడిగేవారే రాయాలి, వారే రుజువు చేయాలి. యజమాని తన దస్తావేజు చూపిస్తే చాలు.

పూర్వం ఇది ప్రతివాది చేతిలో డాలుగా మాత్రమే పనికొస్తుందని, దాని ఆధారంగా వాది దావా వేయలేడని అనేవారు. 2019లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల బెంచి ఆ మాట తోసిపుచ్చింది. ఇప్పుడు వాదిగా కూడా అడగవచ్చు. కాబట్టి పడమటివారి దావా ఆ కారణంగా కొట్టివేతకు గురికాదు.

మరి పడమటివారికి అది వర్తిస్తుందా? 1996 నుంచి 28 ఏళ్ళయింది కదా.

28 ఏళ్ళు నడిచారు. నడక స్వాధీనం కాదు. ఒకరి నేల మీదుగా రోజూ వెళ్ళడం వేరు, ఆ నేలను పట్టుకుని ఉండటం వేరు. మనం వెళ్ళిపోయిన మరుక్షణం ఆ నేల మళ్ళీ యజమానిది. కాబట్టి 1996 నుంచి లెక్కపెట్టడం కుదరదు.

నాపరాళ్ళు పరిచారు కదా అంటే, నడవడానికి వీలుగా పరిచారు. రాళ్ళు దారికి గుర్తవుతాయి, యాజమాన్యానికి కావు. ఈ కథలో స్వాధీనానికి దగ్గరగా వచ్చేది 2010 నాటి గేటు ఒక్కటే. గేటు, తాళం అంటే ఇంకొకర్ని రానివ్వకపోవడం. అయితే తాళంచెవి ఒకటి యజమానికి పంపారు. యజమాని చేతిలో తాళంచెవి ఉన్న గేటు అతన్ని బయట ఉంచే గేటు కాదు. కుక్కల్ని, దొంగల్ని ఆపడానికి పెట్టిన గేటు అది.

ఒకవేళ ఆ తాళంచెవి సంగతి పక్కనపెట్టి 2010 నుంచే లెక్కించినా 12 ఏళ్ళు నిండేది 2022లో. ఈలోగా 2019లో "మీరు ఇల్లు కట్టుకునేదాకా" అని మెసేజ్ పెట్టారు. ఆ మాటతో స్థలం తూర్పువారిదని ఒప్పుకున్నట్టే. గడువు నిండకముందే ప్రతికూలత పోయింది. యాజమాన్యం వాదన ఇక్కడితో ముగుస్తుంది.

2021లో కొత్తవారు కొనడం గురించి ఒక మాట. విద్యార్థులు చాలామంది అమ్మకంతో లెక్క మళ్ళీ మొదటికి వస్తుందని రాస్తారు. రాదు. పాత యజమాని మీద నడిచిన కాలం కొత్త యజమాని మీద కూడా నడుస్తుంది. పడమటివారు ఓడేది అమ్మకం వల్ల కాదు, తాళంచెవి వల్ల, మెసేజ్ వల్ల.

సరే, స్థలం అక్కర్లేదు, నడిచే హక్కు చాలు. దానికి ఏం కావాలి?

దాన్ని ఈజ్‌మెంట్ అంటారు. మన భాషలో దారి హక్కు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 15 చూడాలి. ఆ చట్టం మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీకి, ఇంకో రెండు ప్రాంతాలకు మాత్రమే వర్తించేది. గుంటూరు, కృష్ణా జిల్లాలు ఆనాడు మద్రాసులో భాగం కాబట్టి మనకు మొదటి నుంచీ అదే చట్టం. లిమిటేషన్ చట్టం సెక్షన్ 25లో కూడా దాదాపు ఇవే మాటలున్నాయి. కానీ ఈజ్‌మెంట్స్ చట్టం ఉన్నచోట అది వర్తించదని ఆ లిమిటేషన్ చట్టమే సెక్షన్ 29లో చెబుతుంది. పరీక్షలో సెక్షన్ 25 రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు.

సెక్షన్ 15 అడిగేది ఇది: దారిని ప్రశాంతంగా, బాహాటంగా, హక్కుగా, ఈజ్‌మెంట్‌గా, ఆటంకం లేకుండా 20 ఏళ్ళు వాడి ఉండాలి. "హక్కుగా" అంటే ఎవర్నీ అడక్కుండా, ఎవరి దయ మీదా ఆధారపడకుండా. "ఈజ్‌మెంట్‌గా" అంటే ఇది పక్కవాడి నేల అని తెలిసి, అయినా దీని మీదుగా నడిచే హక్కు నా ఇంటికి ఉందని వాడటం.

మేడ మీద అద్దెకున్నవాళ్ళు మెట్లెక్కడానికి ఈ దారినే వాడారు కదా, అది లెక్కలోకి వస్తుందా అని అడుగుతారు. వస్తుంది. ఇంటి యజమాని తరఫున ఆ ఇంట్లో ఉన్నవారి వాడకం కూడా ఆ ఇంటికే చెందుతుంది. ఇల్లు చేతులు మారినా, తండ్రి పోయి కొడుకు వచ్చినా వాడకం ఇంటితోపాటే సాగుతుంది.

మధ్యలో ఇటుకలు అడ్డం పెట్టారు కదా. 20 ఏళ్ళు తెగిపోలేదా?

లేదు. సెక్షన్ 15కు ఉన్న వివరణ ప్రకారం ఆటంకం అనిపించుకోవాలంటే అవతలివాడు నిజంగా అడ్డం పెట్టి వాడకం ఆగిపోవాలి. అంతేకాదు, అడ్డం పెట్టాడని తెలిశాక వాడుకునేవాడు ఒక ఏడాదిపాటు ఊరుకుని ఉండాలి. 2007లో పడమటివారు వెంటనే గొడవ పెట్టుకున్నారు, నాలుగు నెలల్లో ఇటుకలు తీయించారు. అది ఆటంకం కిందికి రాదు.

ఆ గొడవ మాటలతో జరిగి ఉంటే ఇప్పుడు చెప్పేవాళ్ళు కావాలి. అప్పుడే ఒక రిజిస్టర్డ్ ఉత్తరం రాసి పెట్టుకుని ఉంటే ఈ అంశం ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

1996 నుంచి 2016కే 20 ఏళ్ళు నిండాయి. 2019 మెసేజ్ ఆ తర్వాతిది. అది ఏం చేస్తుంది?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఈ ప్రాబ్లం మొత్తానికి తాళంచెవి ఇక్కడే ఉంది. అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

ప్రతికూల స్వాధీనంలో 12 ఏళ్ళు నిండిన రోజున యజమాని హక్కు దానంతట అదే పోతుంది. కోర్టుకు ఎవరూ వెళ్ళక్కర్లేదు. సెక్షన్ 27 పని అయిపోయినట్టే. దారి హక్కు అలా కాదు. సెక్షన్ 15లో ఒక వాక్యం ఉంది: ఆ 20 ఏళ్ళు, హక్కు మీద తగువు వచ్చిన దావా వేసిన రోజుకు ముందు రెండేళ్ళలోపు ముగిసిన 20 ఏళ్ళు అయి ఉండాలి. అంటే 20 ఏళ్ళను ముందు నుంచి కాదు, దావా తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ఎన్ని ఏళ్ళు వాడినా దావాలో తేలేదాకా ఆ హక్కు పచ్చికాయే. అది తనంతట తాను పండదు.

ఇప్పుడు మన లెక్క వేద్దాం. వాడకం ఆగింది 2024 మేలో. దావా 2024 అక్టోబరులో. రెండేళ్ళలోపే ఉంది కాబట్టి ఆ వరకు ఇబ్బంది లేదు. వెనక్కి 20 ఏళ్ళు అంటే 2004 మే నుంచి 2024 మే దాకా. 2019 ఆగస్టు మెసేజ్ సరిగ్గా ఈ 20 ఏళ్ళ లోపల పడింది. 1996 నుంచి 2016 దాకా ఉన్న 20 ఏళ్ళను చూపిస్తామంటే ఆ కాలం ముగిసి ఎనిమిదేళ్ళయింది. చట్టం ఇచ్చింది రెండేళ్ళే.

ఇక ఆ మెసేజ్ బలమెంత? సెక్షన్ 15 కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి దాదాపు ఇదే. వాది 20 ఏళ్ళు ప్రశాంతంగా, బాహాటంగా వాడాడు. అయితే ఆ 20 ఏళ్ళలో ఒక్కసారి, ఇది హక్కుగా వాడటం కాదని ఒప్పుకుని అనుమతి అడిగాడు. దావా కొట్టివేయాలి అని చట్టమే చెబుతుంది. ఒక్కసారి చాలు.

ఇది చదివి చాలామందికి బాధ కలుగుతుంది. నాకూ కలుగుతుంది. మనవాళ్ళు పక్కింటివారితో మాట్లాడే తీరే అది. "ఏమనుకోకండి", "మీరు ఎప్పుడు కాదంటే అప్పుడు మానేస్తాం" అనడం మర్యాద అనుకుంటాం. అదే మాట కాగితం మీద, ఫోన్లో ఉంటే కోర్టు దాన్ని మర్యాదగా చదవదు, ఒప్పుకోలుగా చదువుతుంది. పడమటివారి లాయరు చెప్పగలిగింది ఒక్కటే: అది అనుమతి అడగడం కాదు, పలకరింపు మాత్రమే అని. "మీరు ఇల్లు కట్టుకునేదాకా" అన్న మాట ఉండగా ఆ వాదన నిలబడటం చాలా కష్టం. దానికి తోడు "వాడుకోండి" అని జవాబు కూడా ఉంది. అనుమతితో నడిచిన దారి హక్కు కాదు, లైసెన్సు. ఇచ్చినవాడు సాధారణంగా దాన్ని రద్దు చేసుకోవచ్చు.

అదే మెసేజ్ లేకపోతే?

అప్పుడు పడమటివారికి మంచి కేసు ఉంది. 2004 నుంచి 2024 దాకా రోజూ నడిచారు, దాచిపెట్టలేదు, ఇటుకలు వస్తే తీయించారు. యజమానికి తెలుసు, ఎందుకంటే తాళంచెవి అతని దగ్గరే ఉంది. ఇక్కడ ఒక విషయం గమనించండి. యాజమాన్యం వాదనను చంపిన ఆ తాళంచెవే దారి హక్కు వాదనకు ప్రాణం పోస్తుంది. స్థలం మీది, నడక మాది అన్న వైఖరికి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

ఇంకో మార్పు: గేటు 2010లో కాక 2003లో పెట్టి, తాళంచెవి ఇవ్వకుండా, సందును పెరట్లో కలిపేసుకుని ఉంటే?

అప్పుడు 12 ఏళ్ళు 2015లోనే నిండాయి. తూర్పువారి హక్కు అప్పుడే పోయింది. పోయిన హక్కును 2019 మెసేజ్ తిరిగి తేలేదు. ఒకే మెసేజ్ ఒక వాదనను కూల్చి, ఇంకో వాదనను ముట్టుకోలేకపోవడం ఇక్కడ కనిపిస్తుంది.

అయినా పడమటివారు నిశ్చింతగా ఉండలేరు. "2003 నుంచి ఇది మీదే అనుకుంటే 2019లో ఆయన్ని ఎందుకు అడిగారు?" అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడుగుతారు. మెసేజ్ హక్కును తిరిగి పుట్టించకపోయినా, మొదటి నుంచీ మీ మనసులో ప్రతికూలత లేదనడానికి సాక్ష్యంగా వాడతారు.

రెండు వాదనలూ కలిపి దావాలో రాయకూడదా? ఏదో ఒకటి తగులుతుంది కదా.

ప్లెయింట్‌లో ప్రత్యామ్నాయంగా రాయడాన్ని సివిల్ ప్రొసీజర్ పూర్తిగా నిషేధించదు. చిక్కు వచ్చేది బోనులో. "సందు నాదే" అనుకుని వాడినవాడు దాన్ని పక్కవాడి నేలగా వాడినట్టు కాదు. తన నేల మీద తనకే దారి హక్కు ఎవరికీ ఉండదు. 1971లోనే సుప్రీంకోర్టు ఈ తేడా స్పష్టంగా చెప్పింది. సాక్షిని ఒక్క ప్రశ్న అడుగుతారు: "ఆ నేల ఎవరిదనుకుని నడిచావు?" ఆ ప్రశ్నకు రెండు జవాబులు ఉండవు. ఏ జవాబు చెప్పినా ఒక వాదన పడిపోతుంది.

ఇంకా ప్రమాదకరమైనది యాజమాన్యం ఒక్కటే రాసి, చివర్లో దారి హక్కు అయినా ఇవ్వండి అని అడగడం. 2008లో సుప్రీంకోర్టు దగ్గరికి అలాంటి కేసే వచ్చింది. స్థలం మాదే అని దావా వేస్తే, హైకోర్టు స్థలం కాదు గానీ దారి హక్కు ఉందని ఇచ్చింది. ప్లెయింట్‌లో లేని, విచారణలో తేలని దారి హక్కును అలా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు ఆ తీర్పు రద్దు చేసింది.

మన ప్రశ్నలో నేనైతే యాజమాన్యం మాట ఎత్తను. నాలుగు అడుగులు మొత్తం కావాలన్న ఆశ వదులుకుని దారి హక్కు మీదే నిలబడతాను. మెసేజ్ వల్ల అదీ బలహీనంగానే ఉంది. అయినా నిజానికి దగ్గరగా ఉన్నది అదే.

"మాకు వేరే దారి లేదు" అని అడగవచ్చా?

అవసరం వల్ల వచ్చే దారి హక్కు సెక్షన్ 13లో ఉంది. ఒకప్పుడు ఒకరిదే అయిన భూమి విడిపోయి, ఒక ముక్కకు ఇంకో ముక్క మీదుగా తప్ప దారే లేకపోతే అది పుడుతుంది. పడమటివారి ప్లాటుకు దక్షిణాన రోడ్డు ఉంది, వీధి గుమ్మం ఉంది. పెరట్లోకి ఇంట్లోంచి వెళ్ళాల్సి వస్తుంది, అద్దెవాళ్ళకు ఇబ్బంది అవుతుంది. అది అసౌకర్యమే, అవసరం కాదు.

సందు ప్రభుత్వ పోరంబోకు అయితే?

స్థలం మాదే అన్నా, దారి హక్కు అడిగినా, రెండింటికీ 30 ఏళ్ళు. అయితే అది రికార్డులో డొంకగా గానీ ప్రజల దారిగా గానీ ఉంటే ప్రశ్నే మారిపోతుంది. అది అందరి దారి. దాన్ని ఎవరు ఆక్రమించినా అది ఆక్రమణే.

గోడ కట్టేశారు. మేమే పడగొట్టేయవచ్చా?

వద్దు. దారి హక్కు నిజంగా ఉన్నా సరే, అడ్డును తానే తొలగించుకునే హక్కు లేదని ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 36 చెబుతుంది. రాత్రికి రాత్రి గోడ పడగొడితే మరునాడు మీ మీద క్రిమినల్ కేసు ఉంటుంది. మంచి కేసు కాస్తా పాడవుతుంది.

చేయాల్సింది వెంటనే లాయరు ద్వారా నోటీసు ఇచ్చి, సివిల్ కోర్టులో దారి హక్కు ఉన్నట్టు డిక్లరేషన్, గోడ తీసేయమని మ్యాండేటరీ ఇంజక్షన్, ఇకపై అడ్డుపడకుండా శాశ్వత ఇంజక్షన్ అడగడం. పునాది స్థాయిలో ఉండగానే వెళితే తాత్కాలిక ఇంజక్షన్ దొరికే అవకాశం ఎక్కువ. పూర్తయిన గోడను విచారణకు ముందే తీయించడం అరుదు. ఆలస్యం చేసి రెండేళ్ళు దాటించారా, పైన చెప్పిన లెక్క ప్రకారం 20 ఏళ్ళూ చేతిలోంచి జారిపోతాయి.

కోర్టులో ఏం చూపించాలి?

తేదీలు. "చాలా ఏళ్ళుగా", "తాతల కాలం నుంచి" అని రాస్తే సరిపోదు. 2024 ఏప్రిల్‌లో ఒక దారి కేసులో, ప్లెయింట్‌లో చాలా ఏళ్ళుగా అని ఉన్నంత మాత్రాన 20 ఏళ్ళు అని అర్థం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఏ సంవత్సరంలో తలుపు పెట్టారు, ఏ సంవత్సరంలో రాళ్ళు పరిచారు, ఎవరెవరు నడిచారు, ఎంత వెడల్పు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఇవన్నీ ప్లాను గీసి మరీ రాయాలి.

కాగితాల్లో అన్నిటికంటే బలమైనది 1996 నాటి ఇంటి ప్లాను, అందులో తూర్పు తలుపు చూపించి ఉంటే. ఆ తర్వాత పాత ఫోటోలు. గృహప్రవేశం రోజు ఆ సందులో నిలబడి తీసుకున్న ఫోటో ఒకటి వంద మాటలకు సమానం. అద్దె అగ్రిమెంట్లలో "తూర్పు సందు ద్వారా మేడ మెట్లు" అని రాసి ఉంటే దాచుకోండి. సాక్షులుగా చుట్టాల కంటే ఎదురింటివారు, పాలు పోసేవారు, పాత అద్దెవారు మేలు. నేల మీద ఇప్పుడేం ఉందో చూపించడానికి అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని అడగవచ్చు. ఆయన సర్వేయర్‌తో వచ్చి రాళ్ళు, గేటు, తలుపు, గోడ కొలిచి రిపోర్టు ఇస్తారు. రాళ్ళ మీద గోడ లేచిన తీరు ఆ రిపోర్టులో పడటం చాలా ముఖ్యం.

తూర్పువారు వాట్సాప్ మెసేజ్ చూపించాలంటే ఊరికే ప్రింటు తీస్తే కుదరదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ పెట్టాలి. మెసేజ్ అందుకున్నది పాత యజమాని, దావాలో ఉన్నది కొత్తవారు. కాబట్టి వారు పాత యజమానిని, ఆయన ఫోన్‌ను కోర్టుకు రప్పించుకోవాలి. ఆయన రాకపోతే, ఫోన్ మార్చేసి ఉంటే పడమటివారికి కాస్త ఊపిరి ఆడుతుంది. అయితే బోనులో పడమటింటి ఇల్లాలినే "ఈ మెసేజ్ పెట్టారా?" అని అడుగుతారు. అప్పుడు అబద్ధం చెప్పమని ఏ లాయరూ చెప్పకూడదు.

దారి హక్కు గెలిస్తే స్కూటర్, కారు తీసుకెళ్ళవచ్చా?

ఏ రకంగా 20 ఏళ్ళు వాడారో ఆ మేరకే. ఒక రకం దారి హక్కులో ఇంకో రకం చేరదని సెక్షన్ 28 చెబుతుంది. నడిచినవారికి నడక. మొదటి నుంచీ స్కూటర్ నడిపించుకుని వెళ్ళినట్టు రుజువైతే స్కూటర్. అక్కడ బండి నిలబెట్టుకోవడం, తులసికోట కట్టుకోవడం, బట్టలు ఆరేసుకోవడం దారి హక్కులోకి రావు. నేల తూర్పువారిదే. దారికి అడ్డం కాకుండా పైన సన్‌షేడ్ వేసుకోవడం లాంటివి వాళ్ళు చేసుకోవచ్చు.

కోర్టు దాకా వెళ్ళకుండా తేల్చుకునే పద్ధతి ఉందా?

ఉంది. ఈ ప్రాబ్లంలో ఇద్దరికీ అదే మేలు. మెసేజ్ వల్ల పడమటివారు ఓడిపోవచ్చు. తూర్పువారికి ఆ మెసేజ్ రుజువు చేయడం కష్టం కావచ్చు. ఎటు తిరిగినా అప్పీళ్ళతో ఏళ్ళు గడుస్తాయి.

నోటి మాటగా పెద్దల ముందు ఒప్పుకుని వదిలేయకండి. రేపు ఇంకొకరు కొంటారు, మళ్ళీ సర్వేయర్ వస్తాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దారి హక్కు దస్తావేజు రిజిస్టరు చేయించుకోండి. అప్పుడు అది ఈసీలో కనిపిస్తుంది, కొనేవాడికి ముందే తెలుస్తుంది. అలా ఇచ్చిన హక్కు రేపు వేరే దారి ఏర్పడినా పోదు.

అందులో ఇవి ఉండాలి: నాలుగు అడుగులు కాకపోతే మూడు అడుగులు, ఎంతైనా కొలతతో. రోడ్డు నుంచి పడమటివారి తూర్పు తలుపు దాకా ఎన్ని అడుగులో ప్లానుతో. నడకకేనా, స్కూటర్‌కు కూడానా. రాళ్ళు పగిలితే ఎవరు వేయించాలి. గేటుకు తాళం వేస్తే చెవులు ఎవరెవరి దగ్గర ఉండాలి. దారి విలువ కింద పడమటివారు ఎంత ఇచ్చారో, తీసుకోకపోతే ఉచితమనీ. నేల యాజమాన్యం తూర్పువారిదేనని పడమటివారు ఒప్పుకుంటున్నట్టు ఒక వాక్యం. దావా అప్పటికే నడుస్తుంటే ఇవే షరతులతో కోర్టులో రాజీ మెమో వేసి, దాని ప్రకారం డిక్రీ అడగవచ్చు. అప్పుడు గోడలో మూడు అడుగుల మేర తీసేస్తే సరిపోతుంది, మొత్తం పడగొట్టక్కర్లేదు.